మంచి కొలెస్ట్రాల్ వల్ల మొత్తం పెరిగితే: లిపిడ్ ప్రొఫైల్‌లో చూడాల్సింది ఏ అంకె?

హెల్త్ చెకప్ ప్యాకేజీలో లిపిడ్ ప్రొఫైల్ చేయించుకున్న 54 ఏళ్ల మహిళ రిపోర్టు ఇలా ఉందనుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 232. ట్రైగ్లిజరైడ్లు 80. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ 88. వీఎల్‌డీఎల్ 16. ఎల్‌డీఎల్ 128. అన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల లెక్క. మొదటి వరుసలోని 232 పక్కన ‘హై’ అని బోల్డ్‌లో ఉంటుంది, ఎందుకంటే ల్యాబ్ అక్కడ వేసుకున్న హద్దు 200. కొన్ని ల్యాబ్‌లు హెచ్‌డీఎల్ 88 పక్కన కూడా ‘హై’ అనే వేస్తాయి. రెండు చోట్ల హై కనిపించేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆ రాత్రి నుంచే నెయ్యి డబ్బా అటకెక్కుతుంది, గుడ్లు మానేస్తారు, మందుల షాపులో కొలెస్ట్రాల్ మాత్ర అడిగేవాళ్లూ ఉంటారు.

ఇంకో రిపోర్టు చూద్దాం. ఇది 45 ఏళ్ల మగమనిషిది. మొత్తం 190. ట్రైగ్లిజరైడ్లు 210. హెచ్‌డీఎల్ 32. వీఎల్‌డీఎల్ 42. ఎల్‌డీఎల్ 116. మొదటి వరుస 200 లోపే ఉంది కాబట్టి అక్కడ ఏ గుర్తూ లేదు. కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉందని చెప్పుకుని ఆయన రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు.

ఈ ఇద్దరిలో రక్తనాళాలకు ఎక్కువ కీడు చేసే కొలెస్ట్రాల్ ఎవరి రక్తంలో ఉంది? తెలుసుకోవడానికి ఒక్క తీసివేత చాలు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి. ఆమెకు 232లోంచి 88 పోతే 144. ఆయనకు 190లోంచి 32 పోతే 158. మొదటి వరుస చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఇలా మిగిలిన అంకెను నాన్ హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంటారు. చాలా ల్యాబ్‌లు దీన్ని రిపోర్టులో కింద ఎక్కడో ఒక వరుసలో వేస్తాయి, కొన్ని అసలు వేయవు. వేయకపోయినా నష్టం లేదు, ఎవరైనా నోటితో చేసుకోగల లెక్కే.

కొలెస్ట్రాల్ కొవ్వు లాంటి పదార్థం, రక్తంలో దానంతట అది కరగదు. అందుకే ప్రొటీన్లతో కలిసి చిన్న చిన్న రేణువులుగా ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువులు, వాటి తోబుట్టువుల్లాంటి మరికొన్ని, కాలేయం నుంచి శరీరానికి కొవ్వును మోస్తాయి. ఇవి ఎక్కువైనప్పుడు రక్తనాళాల గోడల్లోకి చొరబడి అక్కడ ఇరుక్కుంటాయి. ఏళ్ల తరబడి అలా చేరినదే పూడిక. హెచ్‌డీఎల్ రేణువులు నాళాల గోడల్లో ఉన్న కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను తీసుకుని తిరిగి కాలేయానికి చేరుస్తాయి. మొత్తం కొలెస్ట్రాల్ అంటే ఈ అన్ని రకాల రేణువుల్లో ఉన్నదాన్ని కలిపి కొలిచిన అంకె. ఇంటి లెక్క రాస్తూ చేతిలో ఉన్న సొమ్మునీ, తీర్చాల్సిన అప్పునీ కలిపి ఒకే మొత్తం వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. ఆ మొత్తం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఇంటి పరిస్థితి చెప్పలేం.

మరి ఇలాంటి అంకె మొదటి వరుసలో ఎందుకుంది? అప్పట్లో తేలిగ్గా, చౌకగా కొలవగలిగింది అదే కాబట్టి. అమెరికాలో 1985లో జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం మొదలైంది. 1988లో వచ్చిన దాని మొదటి మార్గదర్శకాల్లో అందరికీ ముందు మొత్తం కొలెస్ట్రాల్ పరీక్షే చేయమన్నారు. 200 లోపు మంచిది, 200 నుంచి 239 వరకు సరిహద్దు, 240 నుంచి ఎక్కువ అనే విభజన అక్కడిదే. జనాభా మొత్తం మీద చూస్తే ఆ అంకె బాగానే పనిచేస్తుంది. చాలామందిలో మొత్తం కొలెస్ట్రాల్‌లో పెద్ద వాటా ఎల్‌డీఎల్‌దే, కాబట్టి మొత్తం పెరిగిందంటే సాధారణంగా ఎల్‌డీఎల్ పెరిగినట్టే. 2001 నాటి మూడో మార్గదర్శకాల్లో మొదటిసారే పూర్తి లిపిడ్ ప్రొఫైల్ చేయమన్నారు. అయినా ఆ పాత హద్దు రిపోర్టు ఫారాల్లో అలాగే ఉండిపోయింది. హెచ్‌డీఎల్ 45 ఉన్నవాళ్లకూ 88 ఉన్నవాళ్లకూ అదే 200 హద్దు.

మన దేశంలో ఈ పొరపాటు ఎక్కువగా రెండో వైపు జరుగుతుంది. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2014లో ప్రచురించిన ఫలితాల్లో, పరీక్షించినవాళ్లలో దాదాపు 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉంది. మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లు 14 శాతమే. అంటే పైన చెప్పిన 45 ఏళ్ల ఆయన రిపోర్టు మన దగ్గర ఇంటింటా కనిపించే రకం. ఆమెది అరుదైనది. హెచ్‌డీఎల్ 88 మన దగ్గర తరచుగా కనిపించదు కాబట్టే దాన్ని చూసినప్పుడు కొందరు అనవసరంగా భయపడతారు, మరికొందరు అనవసరంగా నిశ్చింతగా ఉండిపోతారు. ఈ నిశ్చింత సంగతికి తర్వాత వద్దాం.

ముందు రిపోర్టులోని ఎల్‌డీఎల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. చాలా ల్యాబ్‌లు దాన్ని నేరుగా కొలవవు, లెక్కకట్టి వేస్తాయి. 1972లో ఫ్రైడ్‌వాల్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రకటించిన సూత్రం అది. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ వస్తుంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ఈ వీఎల్‌డీఎల్‌నూ తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఆమె రిపోర్టులో 80ని 5తో భాగిస్తే 16. 232 నుంచి 88, 16 పోతే 128. రిపోర్టులో ఉన్నదీ అదే కాబట్టి అది లెక్కకట్టిన అంకె అని తెలిసిపోతుంది. కూడికలో కొద్దిగా తేడా వస్తే ల్యాబ్ ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచి ఉండొచ్చు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఎల్‌డీఎల్‌ను తీసివేతతో రాబడుతున్నప్పుడు, హెచ్‌డీఎల్ కొలతలో ఎంత తప్పు జరిగితే అంత తప్పు ఎల్‌డీఎల్‌లోకి ఎదురు దిశలో వచ్చి చేరుతుంది. ఆమె అసలు హెచ్‌డీఎల్ 78 అయి ఉండి యంత్రం 88 చూపించిందనుకుందాం. అప్పుడు ఆమె అసలు ఎల్‌డీఎల్ 138 అవుతుంది, రిపోర్టులో మాత్రం 128 కనిపిస్తుంది. నాన్ హెచ్‌డీఎల్ విషయంలో కూడా అంతే జరుగుతుంది. హెచ్‌డీఎల్ మామూలు స్థాయిలో ఉన్నవాళ్ల విషయంలో ఈ తేడా చిన్నదే. కానీ అసాధారణంగా ఎక్కువ వచ్చినప్పుడు, ముఖ్యంగా పాత రిపోర్టుల్లో 50 లోపు ఉన్నది ఒక్కసారిగా 90కి చేరినప్పుడు, ఇంకోసారి పరీక్ష చేయించకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. కొన్ని వారాల తర్వాత, వీలైతే అదే ల్యాబ్‌లో చేయించడం మంచిది. ఏ మార్పూ లేని మనిషిలో కూడా మొత్తం కొలెస్ట్రాల్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ ఐదారు శాతం అటూ ఇటూ అవుతుంది.

ఇక ఆ నిశ్చింత సంగతి. రిపోర్టు చివర్లో నిష్పత్తి అని ఒక వరుస ఉంటుంది. మొత్తాన్ని హెచ్‌డీఎల్‌తో భాగించి వేస్తారు. ఆమెకు అది 2.6. ఆయనకు 5.9. ఈ ఇద్దరినీ పోల్చడానికి నిష్పత్తి చక్కగా పనికొచ్చింది. అందుకే చాలామంది మిగతా వరుసలు వదిలేసి దీన్నే పట్టుకుంటారు. ఇప్పుడు మూడో రిపోర్టు చూద్దాం. మొత్తం 275. ట్రైగ్లిజరైడ్లు 75. హెచ్‌డీఎల్ 95. వీఎల్‌డీఎల్ 15. ఎల్‌డీఎల్ 165. నిష్పత్తి 2.9. చూడముచ్చటగా ఉంది. మొత్తం పెరిగింది మంచి కొలెస్ట్రాల్ వల్లే, భయం లేదు అని బంధువుల్లో ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 275లోంచి 95 తీసేస్తే 180 మిగిలింది. అది ఏ ప్రమాణంతో చూసినా ఎక్కువే. ఎల్‌డీఎల్ 160 దాటింది, అదీ ఎక్కువే. హెచ్‌డీఎల్ 95 ఉన్నంత మాత్రాన ఆ 165 తగ్గిపోదు. నాళాల గోడల్లోకి వెళ్లే ఎల్‌డీఎల్ రేణువులు వెళ్తూనే ఉంటాయి. మొత్తం పెరగడానికి హెచ్‌డీఎల్ కొంత కారణమే అయినా అదొక్కటే కారణం కాదు. అందుకే ‘మంచిది ఎక్కువ కాబట్టి పర్వాలేదు’ అనే మాట చెప్పే ముందు తీసివేత తప్పనిసరి. తీసేశాక మిగిలినది తక్కువగా ఉంటేనే ఆ మాటకు అర్థం.

హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోట్లు తక్కువ అనేది దశాబ్దాల పరిశీలనలో కనిపించిన నిజం. అమెరికా వాళ్ల 2001 మార్గదర్శకాల్లో హెచ్‌డీఎల్ 60 గానీ ఆపైన గానీ ఉంటే, ముప్పు కారణాల లెక్కలోంచి ఒకటి తీసేయమని కూడా రాశారు. అయితే హెచ్‌డీఎల్‌ను పెంచితే గుండెపోటు తగ్గుతుందా అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు కోసం చాలా డబ్బు, చాలా ఏళ్లు ఖర్చయ్యాయి. టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను 70 శాతానికి పైగా పెంచింది. కానీ దాన్ని వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ప్రయోగం ఆపేశారు. ఆ మందుకు రక్తపోటు పెంచే వేరే దుష్ప్రభావం కూడా ఉంది కాబట్టి తప్పంతా హెచ్‌డీఎల్ మీద వేయలేం. తర్వాత అదే కోవలో వచ్చిన డాల్సెట్రాపిబ్‌నూ, ఎవసెట్రాపిబ్‌నూ ప్రయోజనం కనిపించక 2012లో ఒకదాన్నీ, 2015లో ఇంకోదాన్నీ ఆపేశారు.

వీటన్నిటికంటే ఎక్కువ నేర్పింది 2017లో ఫలితాలు వచ్చిన అనసెట్రాపిబ్ ప్రయోగం. 30,000 మందికి పైగా పాల్గొన్నారు. మందు వాడినవాళ్లలో హెచ్‌డీఎల్ రెట్టింపు అయింది, గుండె సమస్యలు కాస్త తగ్గాయి కూడా. కానీ ఆ తగ్గుదల ఎంత అని చూస్తే, నాన్ హెచ్‌డీఎల్ తగ్గినందువల్ల ఎంత లాభం రావాలో దాదాపు అంతే వచ్చింది. హెచ్‌డీఎల్ రెట్టింపు కావడం వల్ల అదనంగా కలిసొచ్చింది కనిపించలేదు. పుట్టుకతోనే ఒక జన్యువు తేడా వల్ల హెచ్‌డీఎల్ కొంచెం ఎక్కువగా ఉండేవాళ్లను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. వాళ్లకు గుండెపోటు ముప్పు ఇతరుల కంటే తక్కువేమీ లేదు.

రక్తంలో హెచ్‌డీఎల్ ఎంత ఉందో పరీక్ష చెబుతుంది. అది ఎంత కొలెస్ట్రాల్‌ను నాళాల నుంచి తీసుకెళ్లి కాలేయంలో దింపుతోందో చెప్పదు. ఈ తేడా ఎంత పెద్దదో 2016లో బయటపడిన ఒక జన్యు లోపం చూపించింది. హెచ్‌డీఎల్ తెచ్చిన కొలెస్ట్రాల్‌ను దించుకునే గ్రాహకం కాలేయం మీద ఉంటుంది. ఆ గ్రాహకం సరిగా పనిచేయనివాళ్లలో సరుకు దిగక హెచ్‌డీఎల్ రక్తంలోనే పోగుపడుతుంది. రిపోర్టులో అంకె గొప్పగా కనిపిస్తుంది, గుండె జబ్బు ముప్పు మాత్రం పెరుగుతుంది. ఈ లోపం చాలా అరుదు, దీని గురించి ఎవరూ పరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. పెద్ద అంకె వెనక బాగా జరుగుతున్న పనీ ఉండొచ్చు, ఆగిపోయిన పనీ ఉండొచ్చు అని తెలిస్తే చాలు.

మరీ ఎక్కువ హెచ్‌డీఎల్ గురించి డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా ప్రజలను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. మరణాల రేటు అన్నిటికంటే తక్కువగా ఉన్నది మగవాళ్లలో 73 దగ్గర, ఆడవాళ్లలో 93 దగ్గర. అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ రేటు మళ్లీ పెరిగింది. మగవాళ్లలో 116, ఆడవాళ్లలో 135 దాటినప్పుడు స్పష్టంగా ఎక్కువైంది. హెచ్‌డీఎల్లే ప్రాణాలు తీసిందని దీనర్థం కాదు. అంత పెరగడానికి వెనక ఉన్న మద్యమో, జన్యు కారణమో, వేరే జబ్బో కారణం అయి ఉండొచ్చు. మన 54 ఏళ్ల ఆమె 88 ఆ ప్రమాద ప్రాంతానికి చాలా దూరంలో ఉంది.

అయినా 88 ఎందుకు ఉందన్న ప్రశ్న వేసుకోవాల్సిందే. చాలాసార్లు జవాబు కుటుంబంలోనే దొరుకుతుంది. అమ్మకూ, అక్కకూ కూడా 80 దాటి ఉంటుంది. ఆడవాళ్లకు సహజంగానే మగవాళ్ల కంటే ఎక్కువ ఉంటుంది. క్రమం తప్పని వ్యాయామం కొంత పెంచుతుంది, కానీ 45 ఉన్నదాన్ని 88 చేయదు. ఈస్ట్రోజన్ ఉన్న హార్మోన్ మాత్రలు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కూడా పెంచుతాయి. మగవాళ్లలో 85, 90 కనిపిస్తే డాక్టర్ ముందు అడిగేది మద్యం గురించే. రోజూ తాగే మనిషికి హెచ్‌డీఎల్ పెరగడం మామూలే, దాన్ని చూసి గుండె గట్టిగా ఉందనుకుంటే పొరపాటు. అదే మనిషిలో ట్రైగ్లిజరైడ్లు, బీపీ, లివర్ పరీక్షల్లో జీజీటీ కూడా పెరిగి ఉండే అవకాశం ఉంది. కాబట్టి రిపోర్టులో ఆ వరుసలు కూడా పక్కనే పెట్టుకుని చదవాలి.

నడివయసు ఆడవాళ్లలో ఇంకో కారణాన్ని మరిచిపోకూడదు. కాలేయంలోని సన్నటి పిత్త నాళాలు మెల్లగా దెబ్బతినే ఒక జబ్బు ఉంది, ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అంటారు. అది తొలిదశలో ఉన్నప్పుడు హెచ్‌డీఎల్ బాగా పెరగొచ్చు. ఒంటి దురద, ఎంతకీ తగ్గని నీరసం, లివర్ పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం దీని ఆనవాళ్లు. చెకప్ ప్యాకేజీలో లివర్ పరీక్ష ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ ఒక్క వరుస చూసుకుంటే సరిపోతుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అందులో ప్రధానంగా ఎల్‌డీఎల్, కొంతమందిలో హెచ్‌డీఎల్ కూడా పెరుగుతాయి. అందువల్ల టీఎస్‌హెచ్ చూడకుండా కొలెస్ట్రాల్ మాత్రల దాకా వెళ్లకూడదు.

ఇప్పుడు ఆమె రిపోర్టుకు తీర్పు ఏమిటి? కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, పెద్దగా ముప్పు లేనివాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలంటాయి. షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు ఇవి ఇంకా తగ్గాలి, 70 లోపు, 100 లోపు. ఆమెవి 128, 144. అంటే 232 చూపించినంత ఘోరంగా ఏమీ లేదు, అలాగని హెచ్‌డీఎల్ పేరు చెప్పి పూర్తిగా వదిలేయదగ్గ రిపోర్టూ కాదు. నెలసరి ఆగిపోయే వయసులో ఎల్‌డీఎల్ పెరగడం సహజం, ఆమె ఇప్పుడు ఆ దశలోనే ఉంది. షుగర్, బీపీ, పొగతాగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు, ఇవేవీ లేకపోతే మాత్రకు తొందరపడాల్సిన పనిలేదు. వేపుళ్లు, వనస్పతి, బేకరీ సరుకు తగ్గించి, నడక పెంచి, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడొచ్చు. అవే అంకెలున్న ఇంకో మహిళకు షుగర్ ఉంటే మాత్రం డాక్టర్ మాత్ర రాయడం సబబే, హెచ్‌డీఎల్ 88 ఉన్నా సరే.

ఈ దశలో ఇంకా అనుమానం మిగిలితే రెండు పరీక్షలు దాన్ని తీరుస్తాయి. అపోబీ అనేది ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ రేణువుల్లో ఒక్కోదానికి ఒక్కటే ఉండే ప్రొటీన్. దాన్ని కొలిస్తే నాళాలకు ముప్పు తెచ్చే రేణువులు ఎన్ని ఉన్నాయో దాదాపు లెక్కపెట్టినట్టే. ఇందులో హెచ్‌డీఎల్ ప్రమేయమే ఉండదు కాబట్టి, హెచ్‌డీఎల్ ఎక్కువైన రిపోర్టుల్లో తీసివేత మీద నమ్మకం చాలనప్పుడు ఇదే సరైన సాక్ష్యం. రెండోది లైపోప్రొటీన్ ఎ, ఎల్‌డీఎల్‌ను పోలిన ఇంకో రేణువు. ఇది పుట్టుకతో వచ్చేది, జీవితంలో పెద్దగా మారదు. ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారి చూపించుకోవాలని మన మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ అంకె డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే, లిపిడ్ ప్రొఫైల్‌లో మిగతా వరుసలు ఎంత బాగున్నా జాగ్రత్త పెంచాలి.

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకు రిపోర్టు ఫొటో పంపితే అక్కడి అంకెలతో పోలిక కుదరదు. ఆ దేశాల్లో మిల్లీమోల్ లెక్క వాడతారు. కొలెస్ట్రాల్‌కు మన అంకెను 38.67తో భాగించాలి. ఆమె 232 అక్కడ 6.0 అవుతుంది, 88 అంటే 2.3. ట్రైగ్లిజరైడ్లకు మాత్రం భాగహారం 88.6తో.

ఏడాది తర్వాత ఆమె మళ్లీ పరీక్ష చేయించుకుంటే ఇలా వచ్చిందనుకుందాం. మొత్తం మళ్లీ 232. హెచ్‌డీఎల్ 68. ట్రైగ్లిజరైడ్లు 120, అంటే వీఎల్‌డీఎల్ 24. ఎల్‌డీఎల్ 140. మొదటి వరుసలో అదే అంకె, పక్కన అదే గుర్తు. హెచ్‌డీఎల్ ఇప్పటికీ 60 పైనే ఉంది కాబట్టి అది కూడా మంచి స్థాయే. పోయినేడూ ఇంతేగా అని రిపోర్టు పక్కన పడేయడం చాలా తేలిక. కానీ నాన్ హెచ్‌డీఎల్ 144 నుంచి 164కి వెళ్లింది. ట్రైగ్లిజరైడ్లు ఒకటిన్నర రెట్లయ్యాయి. బరువు పెరిగిందా, షుగర్ మొదలవుతోందా, థైరాయిడ్ తగ్గిందా, కొత్తగా ఏ మందైనా మొదలుపెట్టిందా అని డాక్టర్ అడగాల్సిన రిపోర్టు ఇది. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు కూడా పట్టుకెళ్లాలి, దాని మీద కూడా ఆ తీసివేత చేసి మిగిలిన అంకెను పెన్నుతో పక్కనే రాసుకోవాలి.